మా మేనకోడలి సగటు

ప్రోగ్రెస్ కార్డులు నింపే రోజులొస్తే మా స్కూల్లో టీచర్లందరికీ తలనొప్పి మొదలవుతుంది. నాకు మాత్రం హుషారొస్తుంది. నేను లెక్కల టీచర్ని. కూడికలో తేడా వస్తే పక్క క్లాసు టీచర్లు కూడా నా బల్ల దగ్గరికే వస్తారు. వాళ్ల తప్పు పట్టుకుని, కాస్త దెప్పి, సరిచేసి పంపడం నాకు మహా ఇష్టం. సగటు తీయడంలో నన్ను మించినవాళ్లు బరంపురంలో లేరని లోలోపల ఒక నమ్మకం ఉండేది. మా మేనకోడలి కార్డు ఫోటోగా నా ఫోన్లోకి వచ్చిన ఆ వేసవి ఆదివారం దాకా ఆ నమ్మకానికి ఏ ఢోకా రాలేదు.

మా తమ్ముడు ఒడిశాలోనే, ఆంధ్ర సరిహద్దుకి దగ్గర్లో, మేం పుట్టిన పల్లెలోనే కిరాణా కొట్టు నడుపుతాడు. అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. వాడికి ఒక్కతే కూతురు. ఊళ్లో ఉన్న చిన్న ప్రైవేటు బడి ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. ఆ పైన చదవాలంటే రెండు బస్సులు మారి వెళ్లాలి. ఆడపిల్లని ఒంటరిగా అంతదూరం పంపనని వాడు ముందే తెగేసి చెప్పాడు. బరంపురం లంజిపల్లి పేటలో మా ఇంట్లో ఉంచి చదివిస్తానని నేను ఎన్నిసార్లన్నా ఒప్పుకోలేదు. అప్పగారి అత్తింట్లో కూతుర్ని వదిలేశాడని నలుగురూ అంటారట. మా వైపు అక్కని అప్ప అంటారు. అప్ప మీద ప్రేమ ఉంటుంది కానీ అప్ప మాట మీద నమ్మకం ఉండదు, మా వాడి సంగతి అంతే.

బరంపురంలోనే ఒక ట్రస్టు వాళ్లు పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకి తొమ్మిదో తరగతి నుంచి చదువూ, హాస్టలూ ఉచితంగా ఇస్తారు. ట్రస్టు హాస్టలంటే మా తమ్ముడికి అభ్యంతరం లేదు. అది గౌరవం కింద లెక్క. అందులో సీటొస్తే పిల్ల చదువుతుంది. రాకపోతే కొట్లో కందిపప్పు తూస్తూ కూర్చుంటుంది. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు.

దరఖాస్తు కంప్యూటర్లో నింపాలి. ఆ పని నాది. అందులో ఒక గడి ఉంది. ఎనిమిదో తరగతి మార్కుల సగటు శాతం ఎంతో, ఆ బడి పద్ధతి ప్రకారం లెక్కకట్టి రాయాలి. అరవై, ఆపైన ఉంటే నేరుగా తీసుకుంటారు. యాభై అయిదుకీ అరవైకీ మధ్య ఉంటే ఎందుకు తగ్గిందో కారణం రాయాలి, అది చదివి నిర్ణయిస్తారు. యాభై అయిదు కంటే తక్కువైతే అడగనే అక్కర్లేదు. సీటిచ్చే ముందు అసలు కార్డు చూస్తారు, రాసిన అంకె దానితో సరిపోకపోతే దరఖాస్తు రద్దు. గడువు ఆ ఆదివారం సాయంత్రంతో అయిపోతుంది. అంతవరకూ ఎందుకు ఆగారంటే, కార్డు ఫోటో పంపమని నేను అడుగుతున్నప్పుడల్లా మా తమ్ముడు రేపు, రేపు అంటూ వచ్చాడు.

చివరికి ఆ ఉదయం వాడే ఫోను చేశాడు. గొంతు నీరసంగా ఉంది. దరఖాస్తు వద్దన్నాడు. రాత్రి కొట్టు కట్టేశాక తనే లెక్కకట్టి చూశాడట.

"అప్పా, ఏటంటే... ఇరవై తొమ్మిది కూడా పూర్తిగా రానేదు. దాన్ని పట్టుకుని నువ్వేటి రాత్తావు?"

ఇరవై తొమ్మిది ఎలా వచ్చిందని అడిగితే వివరంగా చెప్పాడు. కార్డులో ఆరు సబ్జెక్టులున్నాయి, ఒక్కోదానికి నాలుగేసి అంకెలు. మొత్తం ఇరవై నాలుగు అంకెలు కూడితే ఆరువందల తొంభై ఒకటి. దాన్ని ఇరవై నాలుగుతో భాగించాడు. కొట్లో రోజువారీ అమ్మకం సగటు తీసే పద్ధతి అది. అక్కడ అది ఎప్పుడూ తప్పలేదు కాబట్టి ఇక్కడా తప్పదనుకున్నాడు.

ముందు నోరు మూసుకుని ఫోటో పంపమన్నాను. వచ్చింది. చూడగానే మా ఆయన్ని పిలిచి చూపించాను, నవ్వాలో తిట్టాలో తెలియక.

కార్డుకి నాలుగు మూలలా పసుపు. కుంకుమ బొట్టు కూడా. మా అమ్మ పని. ఇంటికి వచ్చిన ఏ ముఖ్యమైన కాగితానికైనా, అది పెళ్లి శుభలేఖ అయినా, కరెంటు మీటరు పత్రం అయినా, మూలలకి పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టందే ఆవిడ ఊరుకోదు. పసుపుని నీళ్లతో చిక్కగా కలిపి, బొటనవేలితో మెత్తుతుంది. మనవరాలి మీద ప్రేమ ఎక్కువ కదా, ఈసారి మరీ దండిగా మెత్తింది. పైన కుడిమూల మెత్తిన చోట ఫుల్ మార్కు, అంటే ఏ పరీక్ష ఎన్ని మార్కులకో చెప్పే వరస ఉండాలి. అది కనబడదు. కింద కుడిమూల ఒక చిన్న అక్షరాల పంక్తి మొదలై పసుపులోకి వెళ్లిపోయింది. మిగిలిందల్లా పరీక్షల పేర్లు, మార్కులు, చివర మొత్తానికి కలిపి ఒక 'సి' గ్రేడు. శాతం రాసే అలవాటు ఆ బడికి లేదట, గ్రేడే ఇస్తారు.

నాలుగు నిలువు వరసలు. మొదటి టెస్టు, అర్ధ సంవత్సర పరీక్ష, రెండో టెస్టు, వార్షిక పరీక్ష. లెక్కల వరసలో ఎనిమిది, ఇరవై ఎనిమిది, పన్నెండు, నలభై ఏడు. నాకు రోజూ చూసే సరుకే. టెస్టు పాతికకి, పెద్ద పరీక్ష వందకి. ఒక్కో సబ్జెక్టుకి రెండువందల యాభై, ఆరింటికి పదిహేనువందలు. ఆరువందల తొంభై ఒకటిని దానితో భాగిస్తే నలభై ఆరు శాతం. మా స్కూల్లో నలభై ఆరంటే 'సి' గ్రేడే. అక్కడికి అన్నీ అతికినట్టు సరిపోయాయి. కాగితం మీద నలభై ఆరు అని రాసి దాని చుట్టూ సున్నా చుట్టాను, అలవాటు కొద్దీ.

అంకె చెప్పి ఊరుకుంటే నేను నేనెందుకు అవుతాను. వీడియో కాల్ చేయించి తమ్ముణ్ణి దులిపేశాను. పిల్ల చదువుతోందో లేదో చూసుకోవద్దా, కొట్టు తప్ప లోకం లేదా అని. వాడు తల దించుకుని విన్నాడు. ఫోను పట్టుకున్నది పిల్లే. వాడి మొహం, వెనక మంచం మీద అమ్మ కనిపిస్తున్నారు కానీ పిల్ల కనిపించడం లేదు, రెండు వేళ్ల కొసలు మాత్రం తెర అంచున కనబడుతున్నాయి. అన్నీ విని తమ్ముడు ఒక్కటే అన్నాడు.

"అయితే వొదిలీ అప్పా. కొట్లో నాకూ ఒక మనిషి కావాలి కదా."

ఆ మాటకి నా కోపమంతా దిగిపోయింది. నా అంకెతో ఒక పిల్ల చదువు ఆగిపోతోందని అప్పటికి గాని తలకెక్కలేదు.

మా ఆయన నెమ్మదస్తుడు. నా భుజం మీంచి ఫోటోని చాలాసేపు చూసి, టెస్టు పాతికకే అని నీకెవరు చెప్పారన్నాడు. టెస్టు అంటే పాతికే అన్నాను. ఆయన ఊరుకోలేదు. టెస్టుల్లో పెద్ద అంకె పద్దెనిమిది, పెద్ద పరీక్షల్లో అరవై రెండు, రెండూ తెలుగులోనే. ఇరవైకి పద్దెనిమిది కావచ్చు, ఎనభైకి అరవై రెండు కావచ్చు, ముప్ఫైకో డెబ్భైకో కూడా కావచ్చు, ఈ ఫోటో ఏదీ కాదనడం లేదు అన్నాడు. మా స్కూలు పద్ధతిని తీసుకెళ్లి ఎక్కడో పల్లెలోని బడికి తొడిగేశానని నాకు అప్పుడు అర్థమైంది. ఆయన ముందు ఒప్పుకోవడం ఇష్టం లేక వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను.

ఇక బడిని అడగాలి. వేసవి సెలవులు. క్లాసు టీచరమ్మ భంజనగర్‌లో ఏదో పెళ్లికి వెళ్లింది, ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు. తమ్ముడు సైకిలేసుకుని బడి ప్యూను ఇంటికి వెళ్లి, తనకొచ్చిన ఒడియా అంతా ఉపయోగించి బతిమాలాడు. ఆఫీసు తాళం సెక్రటరీ దగ్గర ఉంది, సెక్రటరీ కొడల అనే ఊరు వెళ్లాడు అని తేలింది. వాడు చెమటలు కక్కుతూ తిరిగొచ్చి చెప్పేసరికి మధ్యాహ్నం అయిపోయింది.

ఆ పసుపు తుడిచేయండి అన్నాను. తడిబట్ట పెడితే పసుపుతోపాటు సిరా కూడా పోతుందని మా ఆయన అడ్డుపడ్డాడు. మంచం మీంచి అమ్మ ఇంకో కారణానికి అడ్డుపడింది. దేవుడి దగ్గర పెట్టిన పసుపు తుడవడం ఏమిటని. కాగితం మీద రాత ఉంటుందనీ, ఆ రాత చదవడానికి పనికొస్తుందనీ ఎప్పుడైనా ఆలోచించావా అని అడిగాను అమ్మని. నంబర్ల మీద ఒక్క చుక్క పడకుండా రాశానని ఆవిడ జవాబు. మార్కుల్ని మా వాళ్లు ఒడియా అలవాటులో నంబర్లంటారు. నిజమే, నంబర్ల మీద ఒక్క చుక్క పడలేదు. వాటికి అర్థం చెప్పే చోట్ల మాత్రమే పడింది.

అప్పుడు నేను విసిగిపోయి, ఈ పరీక్షలు ఎన్నేసి మార్కులకో చెప్పగలిగే మనిషి ఒక్కరూ ఆ ఊళ్లో లేరా అని గట్టిగానే అన్నాను. తర్వాత తెర అంచున వేళ్లు కదిలాయి. కనబడని చోటు నుంచి పిల్ల గొంతు వినిపించింది.

"అత్తా, టెస్టులు ఇరవైకి. పెద్దయి ఎనబైకి."

మా ఆయన పకపకా నవ్వేశాడు. నేను నవ్వలేకపోయాను. పొద్దున్నించీ మేం ముగ్గురం పెద్దవాళ్లం ఫోటోతో కుస్తీ పడుతున్నాం, ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాం. ఆ పరీక్షలన్నీ కూర్చుని రాసిన పిల్ల ఆ ఫోను పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. క్లాసులో పిల్లల్ని ప్రశ్నలడగడమే నా ఉద్యోగం. ఆ పిల్లని ఒక్క ప్రశ్న అడగాలని నాకు తోచలేదు. మరి ముందే ఎందుకు చెప్పలేదే అని అడిగితే, తప్పంతా తనదే అన్నట్టు మెల్లిగా చెప్పింది.

"మీరంతా లెక్క కడతన్నారు కదా. నన్ను ఎవలూ అడగనేదు."

ఫోను తిప్పి నీ మొహం చూపించు ముందు అన్నాను. తిప్పింది. నుదుటి మీద చెమట, రెండు జడలు, భయం. ఆ క్షణాన దాన్ని ఫోన్లోంచి లాగి ఒళ్లో కూర్చోబెట్టుకోవాలనిపించింది.

మళ్లీ లెక్క మొదలుపెట్టాను. టెస్టు ఇరవై, పరీక్ష ఎనభై అయితే ఒక్కో సబ్జెక్టుకి మొత్తం రెండువందలు, ఆరింటికి పన్నెండువందలు. ఆరువందల తొంభై ఒకటికి యాభై ఏడున్నర శాతం పైచిలుకు వచ్చింది. నలభై ఆరు నుంచి అంత పైకి లేచినందుకు తమ్ముడి మొహం వెలిగింది. కానీ అరవై కాలేదు.

మా ఆయన అప్పటికే ఇంకో కాగితం తీశాడు. ఏ వరసకి ఆ వరస శాతం కట్టాడు. మొదటి టెస్టులో ఆరు సబ్జెక్టులూ కలిపి నూట ఇరవైకి అరవై తొమ్మిది, అది యాభై ఏడున్నర శాతం. అర్ధ సంవత్సరంలో నాలుగువందల ఎనభైకి రెండువందల ఇరవై ఆరు, నలభై ఏడు శాతం. రెండో టెస్టులో నూట ఇరవైకి ఎనభై ఆరు, దాదాపు డెబ్భై రెండు. వార్షికంలో నాలుగువందల ఎనభైకి మూడువందల పది, అరవై నాలుగున్నర. నాలుగు శాతాల్నీ కూడి నాలుగుతో భాగిస్తే అరవై పాయింట్ రెండు.

అరవై పాయింట్ రెండు. అదీ సగటే. మార్కులు అవే, పరీక్షలు అవే. ఇరవై మార్కుల చిన్న టెస్టుకీ, ఎనభై మార్కుల పెద్ద పరీక్షకీ ఒకే బరువిస్తే పిల్ల గట్టెక్కుతుంది, మార్కులన్నీ ఒకేచోట పోస్తే గట్టెక్కదు. మా ఆయన కాగితం నా ముందుకి తోశాడు. నిజం చెప్పాలంటే నా వేళ్లు అప్పటికే కీబోర్డు మీద ఆరు దగ్గర ఉన్నాయి.

ఈసారి అడిగాను. బుద్ధొచ్చింది కాబట్టి, లేదా మనసు ఒప్పక. మీ బడిలో ఈ నాలుగింటినీ కలిపి గ్రేడు ఎలా వేస్తారో నీకు తెలుసా అని. తెలుసంది. ఏడాది మొదట్లోనే టీచరమ్మ బోర్డు మీద రాసిందట. మొదటి టెస్టుకి పది, అర్ధ సంవత్సరానికి ముప్ఫై, రెండో టెస్టుకి పది, వార్షికానికి యాభై. అన్నీ కలిపి వంద. కార్డు మీద కూడా అచ్చువేశారు, కిందమూల, నాయినమ్మ పసుపు కింద.

నమ్మకం లేక కాదు. కాగితం మీద కళ్లతో చూడకుండా అంకె వేయడం నా వల్ల కాదు. ఆ మాట చెప్తే పిల్ల కాసేపు ఆలోచించి, ఉండత్తా అని, కార్డు తీసుకెళ్లి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది. వెనకనించి ఎండ పడేసరికి పసుపు పలచబడ్డ చోట్ల నల్లటి అచ్చు మసకమసగ్గా పైకి తేలింది. తమ్ముడి చేత ఫోటో తీయించింది. పెద్దది చేసి చూస్తే పది, ముప్ఫై, పది, యాభై. పైమూల కూడా అలాగే పట్టుకుంటే ఇరవై, ఎనభై. కార్డు వెనకవైపు గ్రేడుల పట్టీ కూడా ఉంది, అది అంతవరకూ మాకెవరూ ఫోటో తీసి పంపలేదు. అరవై నుంచి 'బి' మొదలు, యాభై నుంచి అరవై లోపు 'సి'. మా స్కూలు 'సి' వేరు, వాళ్ల 'సి' వేరు. పిల్ల కార్డు మీద ఉన్నది 'సి' కాబట్టి, మా ఆయన అరవై పాయింట్ రెండు ఆ బడి లెక్క కాదని కార్డే చెబుతోంది. ఆయన తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బడి పద్ధతిలో కట్టాను. మొదటి టెస్టు పదికి అయిదూ ముప్పావు. అర్ధ సంవత్సరం ముప్ఫైకి పద్నాలుగు పైన కొద్దిగా. రెండో టెస్టు పదికి ఏడు పైన కొద్దిగా. వార్షికం యాభైకి ముప్ఫై రెండుంపావు పైన. మొత్తం యాభై తొమ్మిది పాయింట్ మూడు మూడు. రెండుసార్లు కట్టాను, మూడోసారి ఆయన చేత కట్టించాను. అంతే వచ్చింది.

గడిలో అదే వేశాను. వేయగానే కింద ఇంకో గడి తెరుచుకుంది. అరవై కంటే ఎందుకు తగ్గిందో రాయమని.

నాలుగు శాతాల్నీ వరసగా చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. యాభై ఏడు, నలభై ఏడు, డెబ్భై రెండు, అరవై నాలుగు. ఒక్క అర్ధ సంవత్సరం దగ్గరే కిందికి జారింది. అప్పుడేమైందే అని అడిగాను. అలా వొచ్చీసినాయి అత్తా అంది, అంతకంటే చెప్పలేదు. తమ్ముడికి ఏమీ గుర్తు లేదు. ఆ పరీక్షలు ఏ నెలలో పడ్డాయో నేను లెక్కపెట్టుకున్నాను. దసరా ముందు అమ్మ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. బరంపురం పెద్దాసుపత్రిలో ఆపరేషన్. నాకు స్కూలు, మరదలికి ఇల్లూ కొట్టూ. అమ్మ మంచం పక్కన బెడ్‌పాన్ అందిస్తూ, ఒళ్లు తుడుస్తూ, పక్కకి తిప్పుతూ వారాల తరబడి ఉన్నది ఈ పిల్లే. నేను రోజూ సాయంత్రం క్యారేజీ పట్టుకెళ్లేదాన్ని. మంచం కింద చాప మీద పుస్తకం తెరిచి పెట్టుకుని నిద్రపోతూ ఉండేది. బంగారుతల్లి అని మెచ్చుకుని, ఖాళీ క్యారేజీ తీసుకుని ఇంటికొచ్చేసేదాన్ని. అక్కడినించి తిన్నగా వెళ్లి పరీక్ష రాసింది. ఆ సంగతి నాకూ తోచలేదు, లెక్కల టీచర్ని.

ఇంకేం, కారణం దొరికింది, ఇంతకంటే మంచి కారణం ఎవరు రాయగలరు అని సంబరంగా అన్నాను. పిల్ల ఫోను పట్టుకుని బయటికి నడిచింది. తెర మీద గుమ్మం, మెట్లు, కొబ్బరిచెట్టు ఊగుతూ పోయాయి. పెరటి గోడ దగ్గర ఆగి, గొంతు బాగా తగ్గించింది.

"అది రాయకత్తా. నాయినమ్మకి తెలుస్తాది. నా వల్లే గుంట సదువు పోనాదని ఏడుస్తాది. సీటు రాపోతే రాపోనీ."

పొద్దున్నించీ అందరం ఏ అంకె కోసం కొట్టుకుంటున్నామో ఆ అంకెని పిల్ల అంత తేలిగ్గా వదిలేసింది. అలా కాదమ్మా అని నచ్చచెప్పబోయాను. మా ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. కారణం గడి ఖాళీగా ఉంది, గడువు దగ్గరపడుతోంది.

పిల్ల మళ్లీ లోపలికి వెళ్లేసరికి అమ్మ చెయ్యి చాపి ఫోను తనకిమ్మంది. ఫోను దగ్గరగా పెట్టుకోవడం ఆవిడకి రాదు. తెర మీద నాకు అమ్మ చెవీ, చెవి పక్క తెల్ల వెంట్రుకలూ మాత్రమే కనిపించాయి.

"రాయే అమ్మీ. దాని నంబర్లు తిన్నాది నా తుంటే. నాకు తెల్దనుకున్నారేటి? ఆసుపత్రిలో నాను నిద్దరోతే కదా అది పుస్తకం తీసింది. అందుకే కళ్లు మూసుకుని తొంగునేదాన్ని."

పిల్ల ఏమందో వినబడలేదు. అమ్మ దాన్ని ఊరుకోమంది. మళ్లీ నాతో, దాపరికం లేకుండా అంతా రాయమంది. ముసలిదాని మలమూత్రాలు ఎత్తిందని కూడా రాయమంది, చదువుకున్నవాళ్లకి అర్థమవుతుందట. నేను రాశాను. ఇంగ్లీషులో, చిన్న చిన్న వాక్యాల్లో, అమ్మ చెప్పినట్టే. ఎక్కువా రాయలేదు, తక్కువా రాయలేదు. కళ్లు మసకబారి అక్షరాలు తప్పుతుంటే మా ఆయన పక్కన కూర్చుని చెప్పాడు. సాయంత్రం గడువు ముగిసేలోగా పంపేశాం.

కొన్నాళ్లకి ట్రస్టు వాళ్లు అసలు కార్డు తెమ్మన్నారు. తమ్ముడూ పిల్లా వచ్చారు, నేను వెంట వెళ్లాను. అక్కడున్నావిడ కార్డు చేతిలోకి తీసుకుని పసుపు చూసి కొంచెం నవ్వి, కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. పిల్ల నన్ను మోచేత్తో పొడిచింది. ఆవిడ తనే లెక్కకట్టుకుని, మేం వేసిన అంకె పక్కన టిక్కు పెట్టింది. పిల్లని మార్కుల గురించి ఒక్క ముక్క అడగలేదు. నాయినమ్మ ఇప్పుడు నడుస్తోందా అని అడిగింది. పట్టుకుంటే వసారా దాకా నడుస్తుందని పిల్ల చెప్పింది.

సీటు ఇచ్చామని వారం తిరక్కుండా నాకే ఫోను వచ్చింది. వెంటనే తమ్ముడికి చేస్తే కొట్లో ఉన్నాడు, విని, ఫోను అమ్మకిచ్చెయ్యమని ఎవరికో అప్పగించాడు. అమ్మకి చెప్పాను, సీటొచ్చిందే, నువ్వు రాయమన్నది చదివే ఇచ్చారే అని. అమ్మ మంచిదే అంది. ఎప్పుడు పంపాలో, ఏం బట్టలు పెట్టాలో, కంచం వాళ్లే ఇస్తారో మనం ఇవ్వాలో అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను. చివరికి ఇంకొకటి అడిగింది.

"అమ్మీ, ఆదివారాలు పిల్లల్ని సూడనిస్తారా, అడిగి సెప్పు."

బస్సు మెట్టు ఎక్కలేని మనిషి అడిగిన మాట అది. అడుగుతానమ్మా అన్నాను. ఫోను పెట్టేసి అక్కడే కుర్చీలో కూర్చుని, మా ఆయన వచ్చి ఏమైందని అడిగేదాకా ఏడ్చాను.